కేటలాగ్ ఒక షాపులా, స్టేటస్ ఇంకో షాపులా కనిపిస్తుంటే

ప్రశ్న: నేను, మా అక్క, తమ్ముడు కలిసి గుడ్డ బ్యాగులు కుట్టి వాట్సాప్ బిజినెస్‌లో అమ్ముతున్నాం. కేటలాగ్‌లో 60 దాకా ఐటమ్స్ ఉన్నాయి. ఎవరికి వీలైతే వాళ్లం రోజూ స్టేటస్ పెడతాం. ఈమధ్య ఒక కస్టమర్ "ఈ రెండూ ఒకే షాపువేనా?" అని అడిగింది. డిజైనర్‌ను పెట్టుకునే పరిస్థితి లేదు. ఖర్చు లేకుండా అంతా ఒకేలా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు:

లోగో, ఫాంట్లు, రంగుల సంగతి తర్వాత చూద్దాం. చిన్న అమ్మకందారుల కేటలాగ్‌లు, స్టేటస్‌లు సరిచేసిపెట్టే పని నాకు చాలా ఏళ్ల అలవాటు. ఇలాంటి గొడవ వచ్చిన ప్రతిచోటా నేను ముందు అడిగేది, కేటలాగ్ ఫోటో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారు, స్టేటస్ ఫోటో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారు అని. మీ ఇంట్లోనూ జవాబు ఇలాగే ఉంటుందని నా అనుమానం. ఒకరు పొద్దున కిటికీ దగ్గర తీరిగ్గా తీసినవి కేటలాగ్‌లోకి వెళ్లాయి. ఇంకొకరు రాత్రి ట్యూబ్‌లైటు కింద మంచం మీద పరిచి తీసినవి స్టేటస్‌లోకి వెళ్తున్నాయి. బ్యాగు అదే. రంగు వేరు, నీడ వేరు, వెనకాల కనిపించేది వేరు. వీటి మీద ఎంత మంచి టెంప్లేట్ వేసినా రెండు షాపుల్లాగే కనిపిస్తాయి.

ఈ తేడా కస్టమర్ కంట్లో పడే చోటు ఒకటుంది. మన ఫోన్లో మనం కేటలాగ్ ఒకసారి, స్టేటస్ ఒకసారి చూస్తాం కాబట్టి మనకు తెలియదు. కస్టమర్ స్టేటస్ చూసి "ఇది ఉందా?" అని రిప్లై ఇస్తుంది. చాట్‌లో ఆ స్టేటస్ బొమ్మ చిన్నగా పైన కనిపిస్తుంది. మీరు జవాబుగా కేటలాగ్ నుంచి అదే బ్యాగును పంపిస్తారు. ఇప్పుడు రెండు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి, అదే స్క్రీన్ మీద. పైన నిమ్మపండు పసుపు, కింద మట్టి పసుపు. "ఇదేనా అది?" అని ఆమె అడగక ఏం చేస్తుంది?

అందుకే నా పద్ధతి ఇది. ఒక వస్తువుకు ఒక్కసారే ఫోటో తీయాలి. కేటలాగ్‌కు అదే, స్టేటస్‌కు అదే. స్టేటస్ కోసం విడిగా తీయడం మానేయండి. కుట్టు మిషన్ దగ్గరి వీడియోల లాంటివి వేరే సంగతి, వాటి గురించి చివర్లో చెప్తాను.

ఇక ఆ ఒక్క ఫోటో ఎలా తీయాలి అన్నది. దీనికి కావలసింది ఒక కిటికీ, గోడకు ఒక మేకు, వెనకాల పెట్టడానికి ఒకే రంగు గుడ్డో చార్టో, ఒక తెల్లకాగితం. నేరుగా ఎండ పడని కిటికీ చూసుకోండి. బ్యాగు ఎప్పుడూ అదే మేకుకు వేలాడాలి. మీరు నిలబడే చోట నేల మీద టేపు ముక్క అతికించండి. మరీ దగ్గరగా నిలబడితే బ్యాగు మధ్యలో ఉబ్బినట్టు, అంచులు సాగినట్టు వస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2x లో తీస్తే ఆకారం సరిగ్గా వస్తుంది. ఈ టేపు ముక్క చాలా మామూలు విషయంలా అనిపిస్తుంది కానీ, ముగ్గురిలో ఎవరు తీసినా బ్యాగు ఒకే సైజులో కనిపించడానికి కారణం అదే.

అసలు చిక్కు రంగుతో. ఫోన్ కెమెరా ముందున్న దృశ్యాన్ని చూసి, ఇందులో తెలుపు ఏది, వెలుతురు ఏ రంగులో ఉంది అని తనంతట తాను ఊహించుకుంటుంది. దాన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఫ్రేమ్ నిండా పసుపు బ్యాగు ఉంటే, వెలుతురే పసుపుగా ఉందేమో అనుకుని దాన్ని తగ్గించడానికి ఫోటోకు కాస్త నీలం కలుపుతుంది. పసుపు చచ్చిపోతుంది, వెనక గోడ నీలంగా మారుతుంది. తర్వాత నీలం బ్యాగు పెడితే అదే గోడ పసుపుగా వస్తుంది. అంటే ఒకే చోట, ఒకే గంటలో తీసినా, కేటలాగ్ గ్రిడ్‌లో పక్కపక్కన చూస్తే గోడ రంగు ఒక్కో గడిలో ఒక్కోలా ఉంటుంది. ఇది మీ తప్పు కాదు, ఫోన్ చేస్తున్న పని.

మీ ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే ఈ ఊహను ఆపేయొచ్చు. అందులో WB దగ్గర K తో ఒక అంకె ఉంటుంది. పగటి ఎండకు 5500 దరిదాపుల్లో, నీడపట్టున ఉండే కిటికీకి అంతకన్నా ఎక్కువ, 6500 లేదా ఆ పైన పడుతుంది. ముందు బ్యాగు లేకుండా తెల్లకాగితం ఒక్కటే మేకుకు తగిలించి, అది తెల్లగా కనిపించేదాకా అంకె జరపండి. ఏ అంకె కుదిరిందో పెన్సిలుతో గోడ మీదే రాసేయండి. ఆ తర్వాత ఆ రోజు తీసే బ్యాగులన్నింటికీ అదే అంకె. మబ్బు పడితే మాత్రం మళ్లీ కాగితంతో చూసుకోవాలి.

ప్రో మోడ్ లేకపోతే కాగితాన్ని ఫ్రేమ్ అంచున కనిపించేలా పెట్టి ఫోటో తీయండి. తర్వాత స్నాప్‌సీడ్ యాప్‌లో (ఉచితమే) White Balance తెరిచి, డ్రాపర్ గుర్తును ఆ కాగితం మీద పెట్టండి. ఫోటో మొత్తం దాన్నిబట్టి సర్దుకుంటుంది. ఆ తర్వాత కాగితం కనిపించకుండా కత్తిరించేయండి. ఎప్పుడూ ఒకే కాగితం వాడండి. తెల్లకాగితాలన్నీ ఒకే తెలుపు కాదు, మరీ తెల్లగా మెరిసే కాగితాల్లో నీలపు ఛాయ ఉంటుంది. రెండు రకాలు మార్చిమార్చి వాడితే రంగు మళ్లీ జారుతుంది.

వెలుతురు, కాంట్రాస్ట్ లాంటివి మీకు నచ్చినట్టు ఒకసారి సర్దుకున్నాక స్నాప్‌సీడ్‌లో దాన్ని ఒక Look గా సేవ్ చేసుకోవచ్చు. మిగతా ఫోటోలకు అదే వేయండి. వరస మాత్రం మర్చిపోకండి. ముందు తెలుపు సరిచేయాలి, తర్వాతే Look. తెలుపు సరిగా లేని ఫోటో మీద Look వేస్తే తప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ నా తలనొప్పి ఒకటి చెప్పాలి. ఒకసారి రాత్రి కూర్చుని 18 ఫోటోలు ఎడిట్ చేసి పంపాను. పొద్దున చూస్తే అన్నీ నీలంగా, చలికి వణుకుతున్నట్టు ఉన్నాయి. కారణం వెతకడానికి అరపూట పట్టింది. రాత్రి అయ్యేసరికి నా ఫోన్లో కళ్లకు శ్రమ తగ్గించే పసుపు తెర దానంతట అది ఆన్ అవుతోంది. స్క్రీన్ పచ్చగా కనిపిస్తుంటే ఫోటోనే పచ్చగా ఉందనుకుని నేను ప్రతిదాన్లోనూ పసుపు తగ్గించుకుంటూ పోయాను. ఆ మోడ్ ఫైల్‌ను ముట్టుకోదు, మన కళ్లను మాత్రమే మోసం చేస్తుంది. ఎడిట్ చేసే ముందు ముగ్గురూ అది ఆఫ్ చేసుకోండి. స్క్రీన్ సెట్టింగ్స్‌లో వివిడ్ లాంటి మోడ్ ఉంటే దాన్నీ నేచురల్‌కు మార్చుకోండి.

ఎంత చేసినా కస్టమర్ స్క్రీన్ మన చేతిలో లేదు. అందుకే రంగును మాటల్లో కూడా చెప్పాలి. అది తర్వాత వస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క ఫోటో రెండు చోట్లా ఎలా సరిపోతుందో చూద్దాం. కేటలాగ్‌లో బొమ్మలు చదరపు గడుల్లో కనిపిస్తాయి. స్టేటస్ నిలువు స్క్రీన్. నిలువుగా తీసిన ఫోటో కేటలాగ్‌లో పెడితే గడిలో పైనా కిందా తెగుతుంది, బ్యాగు హ్యాండిల్ ఎగిరిపోతుంది. చదరపు ఫోటో స్టేటస్‌లో నేరుగా పెడితే పైనా కిందా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీనే మనం వాడుకుందాం.

ఫోటోను 1080×1080 చదరంగా కత్తిరించండి. బ్యాగు చుట్టూ కాస్త జాగా వదలండి. కేటలాగ్‌కు ఇది యథాతథంగా వెళ్తుంది. దాని మీద అక్షరం ముక్క ఉండకూడదు. తర్వాత కాన్వా లాంటి ఏదైనా ఉచిత డిజైన్ యాప్‌లో 1080×1920 సైజులో ఒక పేజీ తెరవండి. ఆ చదరాన్ని సరిగ్గా మధ్యలో పెడితే పైన 420, కింద 420 పిక్సెళ్ల పట్టీలు మిగులుతాయి. ఆ పట్టీలకు మీ రంగు వేయండి. పై పట్టీ దాదాపు ఖాళీగా ఉంచండి, ఎందుకంటే స్టేటస్ తెరిచినప్పుడు అక్కడ మీ షాపు పేరు, ప్రొఫైల్ బొమ్మ, పైన గీతలు వచ్చి కూర్చుంటాయి. మాటలన్నీ కింది పట్టీలో, అదీ ఫోటోకు దగ్గరగా ఉన్న సగంలో. కింద అంచున రిప్లై పెట్టె వస్తుంది కాబట్టి అక్కడ రాసింది దాని వెనక్కి పోయే ప్రమాదం ఉంది. మీ టెంప్లేట్ అంతా ఇంతే. ఒక చదరం, రెండు పట్టీలు, రెండు లైన్ల మాటలు.

రంగులు రెండు చాలు. లేత గోధుమ ఛాయ ఉన్న తెలుపు, నీలి ఛాయ ఉన్న ముదురు ఆకుపచ్చ అనుకుందాం. వాటి కోడ్‌లు `#F4EFE6`, `#1F4E4A` అని ఎక్కడో రాసిపెట్టుకోండి. "ఆ ఆకుపచ్చ" అని చూసి పట్టుకోవద్దు, కోడ్ టైప్ చేయండి. కాన్వాలో బ్రాండ్ కిట్ పూర్తిగా కావాలంటే డబ్బు కట్టాలి. దానికి బదులు మీ టెంప్లేట్ ఫైల్ మొదటి పేజీలో ఈ రెండు రంగుల గళ్లు, మీ అక్షరాల నమూనా ఒక లైన్ పెట్టి వదిలేయండి. ఆ ఫైల్‌లో పనిచేస్తున్నంతసేపు ఆ రంగులు అక్కడే దొరుకుతాయి. కొత్త స్టేటస్ అంటే ఆ ఫైల్‌లోనే ఒక పేజీని డూప్లికేట్ చేసి ఫోటో, మాటలు మార్చడమే. కొత్త ఫైల్ తెరిచారంటే అక్కడితో తేడా మొదలైనట్టే.

అక్షరాల విషయంలో తెలుగుకు ఉండే ఇబ్బంది వేరు. కొన్ని డిజైన్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. ఫాంట్ ఎంచుకునే ముందు "స్త్రీ, లక్ష్మి, జ్ఞాపకం" అని టైప్ చేసి చూడండి. ఒత్తు పక్కకు పోయినా, పొల్లు విడిగా కనిపించినా ఆ ఫాంట్‌ను కానీ, ఆ యాప్‌ను కానీ వదిలేయండి. Mandali, Hind Guntur, Noto Sans Telugu లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో మీరు వాడే యాప్‌లో ఉన్నది ఒకటి తీసుకోండి. ఒక్కటే. లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు పెట్టేదానికన్నా ఎక్కువ పెట్టాలి, లేకపోతే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకు తగులుతాయి. వాట్సాప్‌లోనే టైప్ చేసే టెక్స్ట్ స్టేటస్ జోలికి పోకండి. దాని రంగులు మీవి కావు. "రేపు సెలవు" అని చెప్పాలన్నా మీ టెంప్లేట్‌లో చదరానికి ముదురు రంగు నింపి, దాని మీద రాయండి.

ఫోటో మీద ధర రాయొద్దు. ధర మారిన రోజు ఆ బొమ్మ పాతదైపోతుంది, కానీ ఎవరి గ్యాలరీలోనో మిగిలే ఉంటుంది. ధరకు కేటలాగ్‌లో విడిగా చోటు ఉంది, అక్కడే మార్చుకోండి. ప్రతి ఫోటో మూలన లోగో వేయడం కూడా నాకు నచ్చదు. కేటలాగ్ తెరిస్తే షాపు పేరు ఎలాగూ కనిపిస్తుంది, స్టేటస్ పైన కూడా ఉంటుంది. లోగో ప్రొఫైల్ బొమ్మలో ఉంటే చాలు. అది గుండ్రంగా తెగుతుంది కాబట్టి మూలల్లో ఏమీ పెట్టకండి. వెనక రంగు లేని పారదర్శకపు పీఎన్‌జీ కాకుండా మీ రంగు నింపినది పెట్టండి. లేకపోతే కొన్నిచోట్ల వెనకాల నలుపో తెలుపో వస్తుంది.

ఇక మాట తీరు. నాకైతే బొమ్మలకన్నా ఇదే కష్టం, ఎందుకంటే ముగ్గురు మనుషులు మూడు రకాలుగా మాట్లాడతారు. ఉదాహరణకు ఒక బ్యాగు అయిపోయింది. అక్క "సారీ మేడమ్ స్టాక్ అయిపోయిందండి అండి" అని నాలుగు దండాల బొమ్మలు పెడుతుంది. తమ్ముడు "నో స్టాక్. నెక్స్ట్ వీక్" అంటాడు. మీరు "అయ్యో, నిన్ననే అయిపోయింది! నేను మళ్లీ కుడతాలే" అంటారు. మూడూ మంచి ఉద్దేశంతో రాసినవే. ఒకే కస్టమర్‌కు ఈ మూడూ వరసగా వస్తే మాత్రం అటువైపు ఎంతమంది ఉన్నారో, ఎవరిని నమ్మాలో ఆమెకు అర్థం కాదు.

మీ ముగ్గురూ కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి. మొదటిది, మాట్లాడుతున్నది ఎవరు? "నేను" వద్దు, "మేము" అనుకోండి. "మనం" అసలు వద్దు. "మన దగ్గర ఉన్నాయి" అని కొందరికి ఆప్యాయంగా అనిపిస్తుంది కానీ, డబ్బు విషయం వచ్చినప్పుడు ఆ మాట అతకదు. రెండోది, అవతలివాళ్లను ఏమని పిలవాలి? మేడమ్, సార్ రెండూ తీసేయండి. నంబరు చూసి, ప్రొఫైల్ బొమ్మలో పువ్వు చూసి మేడమ్ అని రాస్తే అవతల ఆయన నవ్వుకున్న సందర్భాలు నాకు చాలా తెలుసు. మనకు "అండి" అనే మాట ఉంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ, చిన్నా పెద్దా అందరికీ సరిపోతుంది. మెసేజ్‌కు ఒక్కసారి చాలు. ప్రతి వాక్యానికీ తగిలిస్తే వేడుకున్నట్టు ఉంటుంది.

మూడోది, వస్తువుల మాటలు. ఇది అందరూ వదిలేసేది. ఒకరు హ్యాండిల్ అంటారు, ఒకరు పట్టీ అంటారు, ఒకరు బెల్ట్ అంటారు. ఒకే రంగును ఒకరు పసుపు, ఒకరు మస్టర్డ్, ఒకరు గంధం రంగు అంటారు. కేటలాగ్‌లో మస్టర్డ్ అని చదివిన మనిషికి స్టేటస్‌లో గంధం రంగు అని కనిపిస్తే అది వేరే బ్యాగనే అనుకుంటుంది. మీరు వాడే గుడ్డల ముక్కలు చిన్నవి కత్తిరించి ఒక కాగితం మీద అతికించండి. ఒక్కోదాని పక్కన ఒక్కటే పేరు రాయండి. ఆ పేరే అంతటా. నాలుగోది, ఎమోజీలు. ఒక మెసేజ్‌కు ఒకటి లేదా అసలు వద్దు, ఏదో ఒకటి తేల్చుకోండి. నా ఓటు వద్దుకే.

ఇప్పుడు ఒక్క బ్యాగును మొదటి నుంచి చివరిదాకా తీసుకెళ్దాం. దానికి M07 అని కోడ్ ఇచ్చాం అనుకోండి. కేటలాగ్‌లో ఐటమ్ కోడ్‌కు విడిగా చోటు ఉంటుంది, అక్కడ వేయండి. పేరు "మస్టర్డ్ పసుపు భుజం బ్యాగు". రంగు, వస్తువు, ఈ వరస ఎప్పుడూ మారదు. వివరణ ఇలా:

```
మందపాటి కాటన్. పైన జిప్, లోపల ఒక జేబు.
వెడల్పు 38 సెం.మీ., ఎత్తు 40 సెం.మీ., హ్యాండిల్ 60 సెం.మీ.
రంగు: మట్టి ఛాయ ఉన్న పసుపు, మెరుపు ఉండదు.
మొదటిసారి చల్లటి నీళ్లలో విడిగా ఉతకాలి.
```

ఇందులో మూడో లైను చూడండి. స్క్రీన్ తేడా వల్ల వచ్చే తగువులకు మందు అదే. "అద్భుతమైన", "స్టైలిష్" లాంటి మాటలు ఒక్కటీ లేవు. అవి ఉంటే ముగ్గురూ మూడు రకాలుగా పొగుడుతారు. గుడ్డ, కొలత, రంగు, ఉతకడం అని నాలుగు లైన్లు నిర్ణయించుకుంటే ఎవరు రాసినా ఒకేలా వస్తుంది. ఒక ఐటమ్‌కు 10 బొమ్మల దాకా పెట్టొచ్చు కానీ మూడు చాలు. మొదటిది మేకుకు వేలాడేది, రెండోది లోపలి జేబు, మూడోది ఎవరైనా భుజానికి వేసుకున్నది.

స్టేటస్‌లో అదే మొదటి బొమ్మ మధ్య చదరంలోకి వెళ్తుంది. కింది పట్టీలో మొదటి లైను "మస్టర్డ్ పసుపు భుజం బ్యాగు · M07". కేటలాగ్‌లో ఉన్న పేరే, ఒక్క అక్షరం తేడా లేకుండా. రెండో లైను ఆ రోజు కొత్తగా చెప్పాల్సింది, "ఈ వారం ఆరు సిద్ధంగా ఉన్నాయి". అంతే. స్టేటస్ ఎలాగూ 24 గంటల్లో పోతుంది. ఆరు అమ్ముడైపోయినా ఆ మాట పాతబడి మిగిలిపోదు. అదే మాట కేటలాగ్ వివరణలో రాసి ఉంటే దాన్ని మార్చడం ఎవరో ఒకరు మర్చిపోతారు. రోజూ మారేది స్టేటస్‌లో, మారనిది కేటలాగ్‌లో.

కస్టమర్ "M07 ఉందా?" అని అడిగింది. లేదు. బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలు 50 దాకా పెట్టుకోవచ్చు. `/stock` అని టైప్ చేస్తే ఈ మాటలు వచ్చేలా పెట్టుకోండి:

```
ప్రస్తుతం ఈ బ్యాగు స్టాక్ లేదండి.
కొత్తవి ___ నాటికి సిద్ధం చేస్తాం.
మీ పేరు రాసిపెట్టమంటారా?
```

ఖాళీలో రోజు నింపి పంపాలి. నింపకుండా పంపే ప్రమాదం ఉంది కదా అంటారా? ఉంది, మొదటి వారం తమ్ముడు ఒకసారి పంపుతాడు, తర్వాత పంపడు. ఇలాంటివి ఒక ఐదు చాలు. స్టాక్ లేదు, ఆలస్యం అవుతోంది, కొలతలు, ఉతకడం, తిరిగి ఇచ్చే నియమం. ముఖ్యంగా ఆలస్యం అయినప్పుడు పంపేది ముందే రాసిపెట్టుకోండి. అందరూ హాయిగా ఉన్నప్పుడు మాట తీరు ఎలాగూ బాగుంటుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడే ఒకరు పొడిగా, ఒకరు అతిగా మాట్లాడతారు.

గ్రీటింగ్ మెసేజ్ ఆన్ చేసి ఉంటే ఒకసారి తెరిచి చూడండి. యాప్ తనంతట ఇచ్చిన ఇంగ్లిష్ వాక్యాలు అలాగే వదిలేసిన వాళ్లు చాలామంది. కొత్తగా మెసేజ్ చేసినవాళ్లకూ, 14 రోజులుగా మాటామంతీ లేనివాళ్లకూ అదే వెళ్తుంది. అంటే మీ నుంచి మొదట వినిపించే గొంతు మీది కానే కాదు. ఆ గ్రీటింగ్ మెసేజ్‌ను, ఎవరూ లేనప్పుడు వెళ్లే ఎవే మెసేజ్‌ను మీ నాలుగు నియమాల ప్రకారం తిరగరాయండి.

కోడ్‌లు, రంగుల పేర్లు, నాలుగు నియమాలు ఎక్కడ పెట్టాలి? మీ ముగ్గురే ఉండే ఒక వాట్సాప్ గ్రూపు చాలు. నియమాలు గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. ఫోటోలు మాత్రం అందులో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఫోటోగా పంపితే కుదించుకుపోతుంది. దాన్ని సేవ్ చేసి, పట్టీలు వేసి, మళ్లీ స్టేటస్‌లో పెడితే ఇంకోసారి కుదించుకుపోతుంది. గుడ్డ నేత మీద ముందు ఆ దెబ్బ తెలుస్తుంది, నూలు పోగులు కలిసిపోయి ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. పాత స్టేటస్‌కు స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ వాడటం ఇంకా ఘోరం.

60 ఐటమ్స్ ఒకేసారి మళ్లీ తీయాలని కూర్చోకండి. ఇరవై దాకా తీసి ఎవరో ఒకరు విసుగెత్తి వదిలేస్తారు, కేటలాగ్ సగం పాతది, సగం కొత్తదిగా మిగిలిపోతుంది. దానికి బదులు ఒక నియమం పెట్టుకోండి. కేటలాగ్‌లో బొమ్మ మార్చకుండా ఏ బ్యాగుకూ స్టేటస్ పెట్టకూడదు. రోజుకు ఒక స్టేటస్ అయితే రోజుకు ఒక బ్యాగు, రెండు నెలల్లో కేటలాగ్ దానంతట అది మారిపోతుంది. ఎక్కువ అమ్ముడయ్యేవే ఎక్కువగా స్టేటస్‌లోకి వస్తాయి కాబట్టి అవే ముందు మారతాయి. మార్చినవాటిని ఒక కలెక్షన్‌లో చేర్చుకుంటూ పోండి. కస్టమర్‌కు పంపేటప్పుడు అందులోవే పంపండి. ఇప్పుడు కుట్టనివాటిని హైడ్ చేసేయండి, తీసేయాల్సిన పని లేదు. కేటలాగ్‌లో కొత్త బొమ్మ పెట్టాక వాట్సాప్ దాన్ని ఒకసారి పరిశీలించి ఓకే చేస్తుంది. అందుకని బొమ్మ ముందు రోజే మార్చి, మర్నాడు స్టేటస్ పెట్టండి.

పని కుదిరిందో లేదో చూడటానికి నేను చేసేది చెప్తాను. కేటలాగ్ గ్రిడ్‌కు, ఒక స్టేటస్‌కు స్క్రీన్‌షాట్‌లు తీసి గ్యాలరీలో చిన్న గడులుగా పక్కపక్కన చూస్తాను. బ్యాగులను పట్టించుకోకుండా వెనక గోడలనే చూడండి. అవి ఒకే రంగులో ఉంటే ఫోటోలు సరిగా ఉన్నట్టే. మాటల కోసం, వారం తర్వాత మీరు పంపిన పది మెసేజ్‌లు తీసి అక్కకు చదివి వినిపించండి. ఏది ఎవరు రాశారో ఆమె ఠక్కున చెప్పేస్తుంటే ఇంకా పని మిగిలి ఉంది.

ఇక వీడియోల సంగతి. కుట్టేటప్పుడు, కత్తిరించేటప్పుడు తీసే వీడియోల్లో వెలుతురు ఎలా ఉన్నా పర్వాలేదు. పని జరిగే చోటు ఎవరికైనా పని చోటులాగే కనిపిస్తుంది, దాన్ని కేటలాగ్‌తో ఎవరూ పోల్చరు. ఒక్కటే జాగ్రత్త. వీడియోలో కనిపించే బ్యాగు అమ్మకానికి ఉన్నదైతే, ఆ వెంటనే రెండో స్టేటస్‌గా దాని టెంప్లేట్ బొమ్మ పెట్టండి. ట్యూబ్‌లైటు కింద తీసిన వీడియో చూసి రంగు నిర్ణయించుకున్న కస్టమర్‌తో వచ్చే తగువు, నేను చూసినంతలో అన్నింటికన్నా ఎక్కువ రోజులు సాగేది.